సీసా మీద N ఉందా, M ఉందా: బోరు నీటి పరీక్షలో గాఢతల లెక్క

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు తమ బోరు నీటిని రెండు ల్యాబ్‌లకు పంపారనుకుందాం. ఆల్కలినిటీ, అంటే క్షారత, ఒక రిపోర్టులో లీటరుకు 384 మిల్లీగ్రాములని వచ్చింది, రెండో రిపోర్టులో 192 అని వచ్చింది. తాగునీటి భారతీయ ప్రమాణం IS 10500 ప్రకారం ఆల్కలినిటీకి హద్దు 200. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. కాబట్టి ఒక రిపోర్టు చూస్తే నీళ్లు హద్దు దాటాయి, ఇంకో రిపోర్టు చూస్తే హాయిగా హద్దులోనే ఉన్నాయి. నీళ్లు మాత్రం ఒకే బోరువి, ఒకే రోజు పట్టినవి.

ఇలాంటప్పుడు శాంపిల్ సరిగ్గా పట్టలేదనో, రంగు మారేదాకా బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి ఆమ్లం వదిలి కొలిచే టైట్రేషన్‌లో, చేసినవాళ్లకు ఆ రంగు మారడం తెలియలేదనో అనుకోవడం మామూలే. కానీ 384కి 192 సరిగ్గా సగం. చేతి పొరపాటు ఇంత చక్కగా సగానికి సగం రాదు. తేడా బ్యూరెట్‌లో పోసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసాలోనే ఉంది. ఒక చోట అది 0.02 N, ఇంకో చోట 0.02 M. అంకె ఒకటే, పక్కన అక్షరం వేరు. ఆ ఒక్క అక్షరం ఫలితాన్ని సగం ఎలా చేస్తుందో తెలియాలంటే శాతం, M అనే మొలారిటీ, N అనే నార్మాలిటీ, ఈ మూడూ ఏం లెక్కపెడుతున్నాయో మొదటి నుంచి చూడాలి.

సెలైన్ బాటిల్ దగ్గర మొదలుపెడితే

శాతం w/v అంటే ఏమిటో చూపించడానికి ఏ ఆసుపత్రిలోనైనా స్టాండుకు వేలాడే సెలైన్ బాటిల్ చాలు. దాని మీద సోడియం క్లోరైడ్ 0.9% w/v అని ఉంటుంది. అంటే ప్రతి 100 మిల్లీలీటర్ల ద్రావణంలో 0.9 గ్రాముల ఉప్పు ఉందని అర్థం. w అంటే బరువు, v అంటే ఘనపరిమాణం. ఇక్కడ 100 మి.లీ. అన్నది కలిపిన నీళ్ల కొలత కాదు, తయారైన మొత్తం ద్రావణం కొలత. ఉప్పును తూచి, కొంచెం నీటిలో కరిగించి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో పోసి, చివరికి మెడ మీద గీత దాకా నీళ్లు నింపాలి. 100 మి.లీ. నీళ్లు కొలిచి అందులో ఉప్పు వేయకూడదు.

0.9 శాతం దగ్గర ఈ రెండు పద్ధతులకూ తేడా కంటికి కనిపించదు, అందుకే చాలామందికి రెండో పద్ధతి అలవాటైపోతుంది. గాఢత పెరిగితే తేడా బయటపడుతుంది. 20 గ్రాముల ఉప్పును 100 మి.లీ. నీటిలో కలిపితే దాదాపు 107 మి.లీ. ద్రావణం అవుతుంది. అప్పుడు మనం చేసింది 20% w/v కాదు, సుమారు 18.7 శాతం. ఉప్పుకూ చోటు కావాలి కదా.

శాతం చెప్పేది గ్రాములు మాత్రమే. ఆ గ్రాములలో ఎన్ని అణువులు ఉన్నాయో అది చెప్పదు. రసాయన చర్య మాత్రం బరువును చూసి జరగదు, ఎన్ని అణువులున్నాయన్న దాన్ని బట్టి జరుగుతుంది. దానికోసమే మొలారిటీ. ఒక పదార్థం అణుభారం ఎంతో అన్ని గ్రాములు తీసుకుంటే అది ఒక మోల్. ఒక లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయన్నదే M. సెలైన్‌లో లీటరుకు 9 గ్రాములు. సోడియం క్లోరైడ్ అణుభారం 58.44. 9ని 58.44తో భాగిస్తే 0.154. అంటే సెలైన్ 0.154 M. అదే బాటిల్ మీద సోడియం 154, క్లోరైడ్ 154 mEq/L అని కూడా అచ్చు వేసి ఉంటుంది. ఆ mEq అన్నది మిల్లీఈక్వివలెంట్, అంటే నార్మాలిటీ కుటుంబానికి చెందిన ప్రమాణం. ఇక్కడ M లెక్కకీ N లెక్కకీ ఒకే అంకె వచ్చింది. సోడియం అయాన్ మీద ఒకే ఆవేశం ఉంది, క్లోరైడ్ మీదా ఒకటే కాబట్టి.

ఇక్కడే ఒక అపోహ పుట్టే వీలుంది. సెలైన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా లాంటి వాటితోనే పని చేసేవాళ్లకు M, N ఒకటేనన్న అలవాటు చేతికి పడిపోతుంది. 4% w/v కాస్టిక్ సోడా అంటే లీటరుకు 40 గ్రాములు, అంటే 1 M, అంటే 1 N. ఎటు తిప్పినా ఒకటే. ఆ అలవాటుతో సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా ముట్టుకున్న రోజు లెక్క తప్పుతుంది.

ఆమ్లం సీసా మీద 98 శాతం

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా మీద సాధారణంగా 98% అనీ, సాంద్రత 1.84 అనీ ఉంటుంది. కొన్నిటి మీద 95 నుంచి 98 అని ఒక అవధి ఇస్తారు. ఈ 98 శాతం w/v కాదు, w/w. అంటే 100 గ్రాముల ద్రవంలో 98 గ్రాముల ఆమ్లం. మనం దాన్ని తూచి తీసుకోము, పిపెట్‌తో కొలిచి తీసుకుంటాం. బరువు నుంచి ఘనపరిమాణానికి రావడానికి సాంద్రత కావాలి. ఆ 1.84 అన్న అంకెను లేబుల్ మీద అందుకే వేస్తారు.

లీటరు ఆమ్లం 1,840 గ్రాములు తూగుతుంది. అందులో 98 శాతం, అంటే సుమారు 1,803 గ్రాములు అసలు ఆమ్లం. H₂SO₄ అణుభారం 98.08. భాగిస్తే 18.4 వస్తుంది. అంటే సీసాలో ఉన్నది 18.4 M ఆమ్లం.

ఇదే గాఢతను w/v శాతంలో చెబితే 100 మి.లీ.లో 180 గ్రాములు, అంటే 180% w/v. నూరు దాటిన శాతం చూడగానే ఎక్కడో తప్పు చేశామేమో అనిపిస్తుంది. తప్పేమీ లేదు. 100 మి.లీ. ఆమ్లమే 184 గ్రాములు తూగుతున్నప్పుడు అందులో 180 గ్రాములు ఉండటంలో వింత లేదు. w/w శాతం నూరు దాటదు. w/v శాతం నూరు దాటవచ్చు, ఎందుకంటే అది గ్రాములను మిల్లీలీటర్లతో పోలుస్తుంది, ఒకే జాతి వాటిని పోల్చడం లేదు. పైగా ఈ 98ని w/v అనుకుని లెక్క వేస్తే సీసాలో 10 M ఆమ్లమే ఉన్నట్టు తేలుతుంది. అప్పుడు కావలసిన దానికి దాదాపు రెట్టింపు ఆమ్లం పోసేస్తాం. అణుభారం కూడా 98 దగ్గరే ఉండటం వల్ల లెక్క గుండ్రంగా, నమ్మబలికేలా వస్తుంది. అంత గుండ్రంగా వచ్చిందంటే సాంద్రతను వాడామా లేదా అని ఒకసారి వెనక్కి చూడాలి.

నార్మాలిటీ: ఎన్ని అణువులు కాదు, ఎన్ని చేతులు

ఒక సల్ఫ్యూరిక్ ఆమ్ల అణువు రెండు హైడ్రోజన్ అయాన్లను ఇవ్వగలదు. రెండు చేతులతో పనిచేసే మనిషిలాంటిది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానిది ఒకటే చెయ్యి. మొలారిటీ మనుషులను లెక్కపెడుతుంది, నార్మాలిటీ చేతులను లెక్కపెడుతుంది. అందుకే 1 M సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 N అవుతుంది. సీసాలోని 18.4 M ఆమ్లం 36.8 N. బరువు వైపు నుంచి చూస్తే, అణుభారం 98.08ని రెండుతో భాగించగా వచ్చే 49.04 దాని తుల్యభారం. లీటరులో 49.04 గ్రాములుంటే అది 1 N.

నార్మాలిటీకి ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఒక N ద్రావణం మిల్లీలీటరు, అదే N ఉన్న ఇంకో ద్రావణం మిల్లీలీటరుతో సరిగ్గా సరిపోతుంది. ఏ ఆమ్లం, ఏ క్షారం అని చూడక్కర్లేదు, సమీకరణం రాసుకోనక్కర్లేదు. N₁V₁ = N₂V₂ అన్న ఒక్క సూత్రం చాలు. నీటి పరీక్షల ల్యాబ్‌లలో ఈ ప్రమాణం ఇప్పటికీ నిలబడటానికి కారణం ఇదే.

ఈ సౌకర్యానికి మూల్యం కూడా ఉంది. నార్మాలిటీ ద్రావణం ఒక్కదాని లక్షణం కాదు, అది ఏ చర్యలో పాల్గొంటుందో దాన్ని బట్టి మారుతుంది. దీనికి మంచి ఉదాహరణ సోడియం కార్బొనేట్. దాని అణుభారం 105.99. ఆమ్లం కొద్దికొద్దిగా పోస్తూ పోతే మొదట కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారుతుంది. రంగు మారి మజిలీని చూపించే సూచికల్లో ఒకటైన ఫినాఫ్తలీన్ గులాబీ రంగు ఆ మజిలీలోనే పోతుంది. అక్కడ ఆగితే ఒక్క హైడ్రోజన్ అయాన్ పని మాత్రమే జరిగింది, కాబట్టి తుల్యభారం 106. మిథైల్ ఆరెంజ్ వేసి చివరిదాకా వెళితే బైకార్బొనేట్ కూడా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. అప్పుడు రెండు అయాన్ల పని అయింది, తుల్యభారం 53. ఫ్లాస్కులో ద్రావణం ఏమీ మారలేదు. మనం వేసిన సూచిక మారింది, దాంతో నార్మాలిటీ రెట్టింపైంది.

పొటాషియం పర్మాంగనేట్ సంగతీ ఇంతే. ఆమ్లం కలిపిన ద్రావణంలో అది 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. తటస్థ ద్రావణంలో 3 మాత్రమే తీసుకుని గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్‌గా అడుగున దిగుతుంది. ఆమ్లంలో 0.1 N అని రాసిన సీసా తటస్థ ద్రావణంలో 0.06 N లాగా పనిచేస్తుంది. కాబట్టి లేబుల్ మీద N ఒక్కటే రాసి వదిలేస్తే సమాచారం సగమే ఇచ్చినట్టు. ఏ పనికోసం N అన్నది కూడా ఉండాలి.

0.1 N ఆమ్లం తయారీ

ఇప్పుడు బోరు నీటి పరీక్షకు కావలసిన ఆమ్లం తయారుచేద్దాం. నేరుగా 0.02 N చేయాలంటే లీటరుకు అర మిల్లీలీటరు గాఢ ఆమ్లం కావాలి. ఆ చిక్కటి ద్రవాన్ని అంత చిన్న పరిమాణంలో కచ్చితంగా కొలవడం కష్టం. అందుకే ముందు 0.1 N చేసి, దాన్ని పలుచన చేస్తారు.

36.8 N ఆమ్లం నుంచి లీటరు 0.1 N రావాలంటే 0.1 × 1000 ÷ 36.8 = 2.72 మి.లీ. కావాలి. నేనైతే కొంచెం ఎక్కువగా, 2.8 నుంచి 3 మి.లీ. మధ్య తీసుకోమంటాను. ఎందుకంటే సీసా తెరిచిన ప్రతిసారీ గాఢ ఆమ్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో చాలాసార్లు తెరిచిన సీసాలో 98 శాతం అలాగే ఉందనుకోవడానికి వీల్లేదు. తయారైన ద్రావణం కాస్త గాఢంగా ఉంటే నీళ్లు కలిపి సరిచేయడం సులువు. పలుచనైపోతే ఆమ్లం చేర్చి మళ్లీ మొదటికి రావాలి.

బీకరులో 600 మి.లీ. దాకా డిస్టిల్డ్ వాటర్ తీసుకోవాలి. గాగుల్స్, గ్లవ్స్ వేసుకుని, రబ్బరు బల్బు తగిలించిన పిపెట్‌తో ఆమ్లాన్ని తీసి, గాజు కడ్డీతో కలుపుతూ నెమ్మదిగా నీటిలోకి వదలాలి. నీటిలోకి ఆమ్లం పోయాలి తప్ప ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. బరువైన ఆమ్లం మీద తేలికైన నీళ్లు పడితే ఆ పైపొర ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిందుతుంది. 3 మి.లీ.తో పుట్టే వేడి కొద్దిపాటిదే. 1 N చేసేటప్పుడు 28 మి.లీ. పోస్తాం కాబట్టి బీకరు బయట చెయ్యి పెడితే తెలిసేంత వేడెక్కుతుంది.

ఆ వేడి తగ్గేదాకా ఆగాలి. తొందరపడి వేడి మీదే ఫ్లాస్కులో పోసి గీత దాకా నింపేస్తే, చల్లారాక మట్టం గీత కిందికి దిగుతుంది. మన దగ్గర దొరికే వాల్యూమెట్రిక్ ఫ్లాస్కుల మీద 27°C అనో 20°C అనో రాసి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గరే గీత నిజంగా లీటరును చూపిస్తుంది. 27 నుంచి 40 డిగ్రీలకు వెళ్తే లీటరు నీళ్లు సుమారు 4 మి.లీ. పెరుగుతాయి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, 40 డిగ్రీల నీటితో గీత దాకా నింపిన ద్రావణం సాయంత్రానికి చల్లబడితే 0.4 శాతం వరకు గాఢంగా తేలుతుంది. బోరు నీటి పరీక్షకు ఈ తేడా పట్టించుకోవలసినంత కాదు. మందుల పరీక్షకు మాత్రం పట్టించుకోవాలి.

చల్లారిన ద్రావణాన్ని ఫ్లాస్కులోకి మార్చి, బీకరును రెండు మూడుసార్లు కడిగి ఆ నీటిని కూడా అందులోనే పోయాలి. కంటిని గీతతో సమానంగా ఉంచి, వంపు అడుగు గీతను తాకేదాకా నింపి, మూత బిగించి పదే పదే తలకిందులు చేసి కలపాలి. కలపడం సరిపోకపోతే మొదటి టైట్రేషన్‌కీ మూడో టైట్రేషన్‌కీ అంకెలు కలవవు. అలా కలవనప్పుడు ముందు అనుమానించవలసింది ఇదే.

లేబుల్ రాసేముందు

ఈ ద్రావణం ఇంకా 0.1 N కాదు. 0.1 Nకి దగ్గరగా ఉన్న ద్రావణం మాత్రమే. అసలు విలువ తెలియాలంటే శుద్ధత కచ్చితంగా తెలిసిన దానితో పోల్చాలి. దానికి అనార్ద్ర సోడియం కార్బొనేట్ వాడతారు. దాన్ని 250 నుంచి 270 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, తేమ చేరనివ్వని డెసికేటర్ పాత్రలో చల్లార్చి, తూచాలి. ఆరబెట్టకపోతే అందులోని తేమను కూడా కార్బొనేట్ అనుకుని లెక్కేస్తాం.

0.1325 గ్రాములు తూచామనుకుందాం. తుల్యభారం 53తో భాగిస్తే 2.5 మిల్లీఈక్వివలెంట్లు. సరిగ్గా 0.1 N ఆమ్లమైతే 25 మి.లీ. ఖర్చవ్వాలి. కార్బొనేట్‌ను 50 మి.లీ. నీటిలో కరిగించి, మిథైల్ రెడ్ రెండు చుక్కలు వేసి, పసుపు రంగు లేత గులాబీకి తిరిగేదాకా బ్యూరెట్ నుంచి ఆమ్లం వదలాలి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, అది అసలు చివర కాదు. చర్యలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఆ నీటిలోనే కరిగి ఉంది. అది కూడా బలహీనమైన ఆమ్లమే కాబట్టి మిథైల్ రెడ్‌ను ముందుగానే గులాబీకి తిప్పేస్తుంది. ఫ్లాస్కును మరిగించి చల్లార్చితే రంగు తిరిగి పసుపులోకి వస్తుంది. అప్పుడు ఇంకొన్ని చుక్కలు వదలాలి. మరిగించినా గులాబీ పోని దాకా ఇలా చేయాలి. మరిగించకుండా ఆపేస్తే ఆమ్లం తక్కువ ఖర్చయినట్టు కనిపించి, గాఢత ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కకొస్తుంది.

మనకు 23.8 మి.లీ. దగ్గర గులాబీ రంగు నిలిచిందనుకుందాం. 25 పట్టాల్సిన చోట 23.8 పట్టిందంటే ఆమ్లం కాస్త గాఢంగా ఉంది. 132.5 ÷ (53 × 23.8) = 0.1050. మూడుసార్లు చేసి అంకెలు కలిస్తేనే సీసా మీద 0.1050 N అని రాయాలి. దీన్ని నీళ్లు కలిపి సరిగ్గా 0.1000కు తేవాలని కష్టపడక్కర్లేదు. అసలు విలువ తెలిసి ఉంటే చాలు. 200 మి.లీ. తీసుకుని లీటరు చేస్తే 0.0210 N వస్తుంది. అది 0.02కు 1.05 రెట్లు, కాబట్టి దాన్ని 0.02 N, ఫ్యాక్టర్ 1.05 అని వాడుకుంటారు.

ఇక బోరు నీళ్లు

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. వాన నీరు నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని ఆ రాతి పగుళ్లలోకి దిగుతుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ అక్కడి ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాలను మెల్లగా కరిగిస్తూ బైకార్బొనేట్‌గా మారుతుంది. బోరు నీటిలో ఆల్కలినిటీ ఎక్కువగా దీనివల్లే వస్తుంది. అలాంటి నీటిలో ఫినాఫ్తలీన్ వేస్తే సాధారణంగా గులాబీ రంగు రాదు. అంటే కార్బొనేట్ చెప్పుకోదగినంత లేదు, ఉన్నది బైకార్బొనేటే.

100 మి.లీ. బోరు నీటిలో మిథైల్ ఆరెంజ్ వేసి మన ఆమ్లంతో టైట్రేట్ చేస్తే, పసుపు నారింజ రంగుకు తిరిగేసరికి 36.6 మి.లీ. ఖర్చయిందనుకుందాం. 0.02 N అన్న అంకెను ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడ తెలుస్తుంది. నీటి ఆల్కలినిటీని, అది నిజానికి బైకార్బొనేట్ అయినా, కాల్షియం కార్బొనేట్‌గా చెప్పడం ఆనవాయితీ. కాల్షియం కార్బొనేట్ తుల్యభారం 50. ఒక మి.లీ. 0.02 N ఆమ్లం 0.02 మిల్లీఈక్వివలెంట్, దాన్ని 50తో గుణిస్తే సరిగ్గా 1 మిల్లీగ్రాము. 100 మి.లీ. శాంపిల్ కాబట్టి బ్యూరెట్‌లో ప్రతి మి.లీ.కి లీటరుకు 10 మి.గ్రా. ఫ్యాక్టర్ కలిపితే 36.6 × 1.05 × 10 = 384.

ఈ 384ని వేరే ప్రమాణాల్లోకి మార్చాలంటే ఒక దారి పట్టుకుంటే చాలు. దేన్నయినా ముందు లీటరుకు గ్రాముల్లోకి తేవాలి. అక్కడి నుంచి అణుభారంతో భాగిస్తే M, తుల్యభారంతో భాగిస్తే N, పదితో భాగిస్తే w/v శాతం.

```
g/L = % w/v × 10
g/L = % w/w × d × 10   (d: సాంద్రత, g/mL)
M = (g/L) ÷ అణుభారం
N = (g/L) ÷ తుల్యభారం
```

384 మి.గ్రా. అంటే 0.384 గ్రాములు, అంటే 0.0384% w/v. తుల్యభారం 50తో భాగిస్తే లీటరుకు 7.68 మిల్లీఈక్వివలెంట్లు. అణుభారం 100తో భాగిస్తే లీటరుకు 3.84 మిల్లీమోల్‌లు. ఇది కాల్షియం కార్బొనేట్ లెక్కలో. నీటిలో నిజంగా ఉన్నది బైకార్బొనేట్ కదా, దాని మీద ఒకే ఆవేశం ఉంది, కాబట్టి అది 7.68 మిల్లీమోల్‌లు. బైకార్బొనేట్ భారం 61తో గుణిస్తే లీటరుకు 468 మి.గ్రా. ఒకే నీళ్లకు ఒక చోట 384, ఇంకో చోట 468 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఏ పదార్థం పేరుతో చెబుతున్నారో చూడాలి. పేరు మారినా మారనిది 7.68 మిల్లీఈక్వివలెంట్లే. రూపాలు మార్చేటప్పుడు దాని మీదుగా వెళ్తే దారి తప్పరు.

384 మి.గ్రా./లీ.ను 384 పి.పి.ఎం. అని కూడా రాస్తారు. పి.పి.ఎం. నిజానికి బరువులో బరువు. లీటరు నీళ్లు దాదాపు కిలో తూగుతాయి కాబట్టి ఇక్కడ రెండూ ఒకటయ్యాయి. లీటరు 1,840 గ్రాములు తూగే ఆమ్లం విషయంలో ఈ మాట చెల్లదు.

192 ఎలా వచ్చింది

రెండో ల్యాబ్‌లో 1 M సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా ఉంది. అందులోంచి 20 మి.లీ. తీసి లీటరు చేశారు. N అనుకుని చేశారు, వచ్చింది 0.02 M, అంటే 0.04 N. రెట్టింపు బలమున్న ఆమ్లం సగం ఖర్చుతోనే పని ముగించింది. బ్యూరెట్ 19.2 దగ్గర ఆగింది. దాన్ని పదితో గుణించి 192 అని రాశారు. రంగు సరిగ్గానే మారింది, మూడు రీడింగులూ చక్కగా కలిశాయి. మళ్లీ మళ్లీ చేసినంత మాత్రాన ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే ప్రతిసారీ అదే సీసా వాడుతున్నారు.

ఇలాంటి సీసాలు పక్కపక్కన ఉండటానికి మన ఊళ్లో కారణాలున్నాయి. జీడిమెట్ల, నాచారం వైపు మందుల కంపెనీల ల్యాబ్‌లలో ఒకే బల్ల మీద, మందుల ప్రమాణాల గ్రంథమైన ఇండియన్ ఫార్మకోపియా పరీక్షలూ, అమెరికా ఫార్మకోపియా పరీక్షలూ జరుగుతుంటాయి. ఇండియన్ ఫార్మకోపియాలో ద్రావణాలు M లెక్కలో ఉంటాయి. అక్కడ 0.05 M సల్ఫ్యూరిక్ ఆమ్లం అన్నది అమెరికా పద్ధతిలో 0.1 N అవుతుంది. అదే కంపెనీలో నీటి పరీక్షలకు 0.02 N. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిన కుర్రాడు 0.1 కదా అని 0.1 M చేసేస్తే, సీసా చూసి ఎవరూ పట్టలేరు.

పట్టే దారి ఒకటుంది. ఆరబెట్టిన సోడియం కార్బొనేట్ 1.060 గ్రాములను లీటరు చేస్తే 0.02 N ద్రావణం అవుతుంది. దాన్ని 25 మి.లీ. తీసుకుని, మిథైల్ ఆరెంజ్ వేసి, అనుమానమున్న ఆమ్లంతో టైట్రేట్ చేయాలి. 25 దగ్గర్లో ఆగితే ఆమ్లం 0.02 N. 12.5 దగ్గర్లో ఆగితే సీసాలో ఉన్నది 0.02 M. ఈ పరీక్షలో పొరపాటున ఫినాఫ్తలీన్ వేస్తే, ఆమ్లం సరైనదైనా 12.5 దగ్గరే రంగు పోతుంది, ఎందుకంటే ఆ సూచిక సగం దారిలోనే ఆగుతుంది. కాబట్టి 12.5 కనబడగానే సీసాను తప్పుపట్టకుండా, ఫ్లాస్కులో వేసిన సూచిక ఏదో ముందు చూడాలి.

లేబుల్ రాసేటప్పుడు రెండు గాఢతలనూ రాస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. మన సీసా మీద నేను ఇలా రాస్తాను: సల్ఫ్యూరిక్ ఆమ్లం, 0.0210 N (0.0105 M), ఫ్యాక్టర్ 1.05, సోడియం కార్బొనేట్‌తో స్టాండర్డైజ్ చేసినది, మిథైల్ రెడ్, మరిగించి, తేదీ, చేసినవారి సంతకం.